షిఫ్టు మార్పిడితో బెదిరిస్తున్న టీమ్ లీడర్: మా అమ్మాయిని ఉద్యోగం మానేయమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తి చేసి హైటెక్ సిటీలోని ఒక కాల్ సెంటర్‌లో పది నెలలుగా అమెరికా ప్రాసెస్‌లో, అంటే అమెరికా కస్టమర్ల కాల్స్ చూసే విభాగంలో, పని చేస్తోంది. సాయంత్రం 5.30కి మొదలై రాత్రి 2.30కి ముగిసే షిఫ్టు. కంపెనీ క్యాబ్ హాస్టల్ గేటు దగ్గరే దింపేది. టీమ్ లీడర్ డ్యూటీ తరువాత మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాడు. బయట భోజనానికి రమ్మంటే రానని చెప్పింది. అప్పటి నుంచి ఉన్నట్టుండి షిఫ్టు మారుస్తున్నాడు. ఒక రాత్రి క్యాబ్ లేదన్నారు, ఇంకో రాత్రి మెయిన్ రోడ్డు మీదే దింపేశారు. అడిగితే, "పాత షిఫ్టు కావాలంటే నాతో ఉండే పద్ధతి మార్చుకో" అన్నాడట. హెచ్ఆర్ వాళ్లు సర్దుకుపొమ్మన్నారు. వాళ్ల నాన్నకు తెలిస్తే వెంటనే తీసుకొచ్చేస్తారు. మానేసి రమ్మని చెప్పనా? (ఒక తల్లి, సూర్యాపేట)

జవాబు: రమ్మనండి, కానీ చెప్పాపెట్టకుండా రమ్మనకండి. కాల్ సెంటర్‌లో సమాచారం ఇవ్వకుండా డ్యూటీకి రావడం మానేస్తే రికార్డులో 'అబ్‌స్కాండింగ్' అని, అంటే చెప్పకుండా వెళ్లిపోయినట్టు, రాస్తారు. ఉద్యోగం నుంచి సక్రమంగా పంపినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆగిపోతుంది. తరువాతి కంపెనీ పాత ఉద్యోగం గురించి విచారించినప్పుడు ఆ మాటే బయటకు వస్తుంది. పైగా 'ఆ అమ్మాయి మొదటి నుంచీ సరిగా వచ్చేది కాదు' అని చెప్పుకోవడానికి ఆ టీమ్ లీడర్‌కు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. ఇంటికి రావడానికి చట్టంలోనే ఒక దారి ఉంది. ముందు అతను చేస్తున్న పని ఎలా జరుగుతుందో చూద్దాం.

కాల్ సెంటర్‌లో ఎవరికి ఏ షిఫ్టో చెప్పే వారం రోస్టర్‌ను సాధారణంగా ముందే ప్రకటిస్తారు. దాన్ని తయారు చేసేది వర్క్‌ఫోర్స్ విభాగం. టీమ్ లీడర్ మార్పు కోరితే, ఆ కోరిక మెయిల్‌గానో, కంపెనీ సిస్టమ్‌లో నంబరుతో నమోదయ్యే టికెట్‌గానో అక్కడికి వెళ్తుంది. ఆ రోస్టర్ ఆధారంగానే ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ ఎవరు ఏ బండిలో ఎక్కాలో, ఎవరిని ముందు దింపాలో నిర్ణయిస్తుంది. దానికి ఒక కటాఫ్ సమయం ఉంటుంది. కటాఫ్ దాటిన తరువాత షిఫ్టు మారిస్తే మీ అమ్మాయి పేరు ఏ బండిలోనూ ఉండదు. 'క్యాబ్ లేదు' అన్న మాట వెనక ఉన్నది చాలాసార్లు ఇదే. అతను క్యాబ్‌ను ఆపమని ఎవరికీ చెప్పనక్కర్లేదు, షిఫ్టును ఆలస్యంగా మారిస్తే చాలు. ఇంకో పద్ధతి కూడా ఉంది. లాగౌట్ సమయానికి ఫీడ్‌బ్యాక్ అని చెప్పి ముప్పావు గంట కూర్చోబెడతారు. ఈలోపు అందరితో వెళ్లాల్సిన బండి వెళ్లిపోతుంది. తరువాత దొరికే బండిలో ఆమె ఒక్కతే ఉంటుంది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మెసేజ్‌లు అతను తుడిచేయవచ్చు. రోస్టర్ మార్పు ఎప్పుడు, ఎవరు కోరారన్నది మాత్రం అతని ఫోన్‌లో కాదు, కంపెనీ వ్యవస్థలో నమోదై ఉంటుంది. క్యాబ్ ట్రిప్ షీటులో బండి నంబరు, ఎక్కిన సమయం, దిగిన చోటు, తోడుగా వెళ్లే ఎస్కార్ట్ ఉన్నాడా లేదా అన్నవి ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే అతని ఉద్దేశం తేదీలతో సహా కనిపిస్తుంది.

2013 నాటి పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం షిఫ్టుతో బెదిరించడాన్నీ, క్యాబ్‌లో జరిగేదాన్నీ సూటిగా పట్టుకుంది. లైంగికపరమైన ప్రవర్తనతో ముడిపెట్టి ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశ చూపినా, కీడు చేస్తానని బెదిరించినా అది వేధింపేనని 3వ సెక్షన్ చెబుతుంది. 'పాత షిఫ్టు కావాలంటే' అన్న మాట సరిగ్గా అలాంటిదే. యజమాని ఏర్పాటు చేసిన రవాణా కూడా పని ప్రదేశమేనని నిర్వచనంలోనే ఉంది. కాబట్టి క్యాబ్‌లో జరిగింది ఆఫీసు బయట జరిగిందని కంపెనీ తప్పుకోలేదు. మీ అమ్మాయి ఏజెన్సీ పేరోల్ మీద ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది. (మగపిల్లలకు ఇదే గతి పడితే ఈ చట్టం పనికిరాదు. వాళ్లు కంపెనీ ప్రవర్తనా నియమావళి కింద రాసి ఇవ్వాలి. అది మన చట్టంలోని లోటు.)

ఇక చేయాల్సిన పని. హెచ్ఆర్‌కు నోటిమాటగా చెప్పింది చట్టం దృష్టిలో ఫిర్యాదు కాదు. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, ఒకరు బయటి వ్యక్తి అయి ఉండాలి. సభ్యుల పేర్లు ఆఫీసులో కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు ఆ కమిటీకే రాతపూర్వకంగా వెళ్లాలి. గడువు సంఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలలు. వరుసగా జరుగుతుంటే చివరి సంఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. అమ్మాయి రాయగల స్థితిలో ఉన్నంత వరకు ఆమే రాయాలి. మీరు ఫోన్ చేసి కేకలు వేసినా ఫైలు తెరుచుకోదు.

ఫిర్యాదులో బాధను వర్ణించడం కన్నా వరుస ముఖ్యం. ఉదాహరణకు ఒక రాత్రి గురించి ఇలా రాయవచ్చు: "8వ తేదీన భోజనానికి రమ్మని మెసేజ్ పెట్టారు, రానని బదులిచ్చాను. స్క్రీన్‌షాట్ జతపరిచాను. 11వ తేదీన ప్రకటించిన రోస్టర్‌లో నా షిఫ్టు 5.30. ఆ రోజు మధ్యాహ్నం 3.40కి దాన్ని రాత్రి 9.30కి మార్చినట్టు మెసేజ్ వచ్చింది. క్యాబ్ కటాఫ్ అప్పటికే దాటింది. ఉదయం 6.30కి లాగౌట్ అయ్యాక నాకు బండి లేదని ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ చెప్పింది. ఆ సమయంలో డెస్క్‌లో ఉన్నవారు, నా పక్క సీటులో ఉన్నవారు సాక్షులు. రోస్టర్ మార్పు కోరిన రికార్డును, ట్రిప్ షీటును కమిటీ తెప్పించి చూడాలని కోరుతున్నాను." మెయిన్ రోడ్డు మీద దింపిన రాత్రి గురించి కూడా ఇలాగే, ఏ మలుపు దగ్గర దింపారో, అక్కడి నుంచి హాస్టల్ ఎంత దూరమో రాయాలి. రికార్డులు తెప్పించమని కోరే వాక్యాన్ని వదిలిపెట్టకూడదు. పత్రాలు తెప్పించే విషయంలో కమిటీకి సివిల్ కోర్టుకు ఉన్న అధికారమే ఉంది.

ఇక్కడే పిల్లలు ఎక్కువగా పొరపాటు చేస్తారు. ఆధారం కోసమని ఫ్లోర్‌లో ఫోను తీసి కంప్యూటర్ తెరను ఫొటో తీస్తారు, లేదా ఆఫీసు మెయిళ్లను సొంత మెయిల్‌కు పంపుకుంటారు. ఆ తెర మీద కస్టమర్ వివరం ఒక్కటున్నా సమాచార భద్రత ఉల్లంఘన అని మరునాడే ఉద్యోగంలోంచి తీసేయగలరు. అసలు గొడవ పక్కకు పోతుంది. తన ఫోనుకు వచ్చిన మెసేజ్‌లు, క్యాబ్ యాప్‌లో తన ట్రిప్ వివరాలు దాచుకోవచ్చు. మిగతా వాటికి తేదీ, సమయం, టికెట్ నంబరు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. ఆ పుస్తకం హాస్టల్‌లో ఉండాలి. ఫిర్యాదు ఇవ్వడానికి ముందే తన కాల్స్‌కు గత మూడు నెలల్లో వచ్చిన క్వాలిటీ స్కోర్లు కూడా రాసుకోమనండి. ఫిర్యాదు తరువాత స్కోరు ఒక్కసారిగా పడిపోతే ఆ లెక్కలే మాట్లాడతాయి.

ఫిర్యాదుతో పాటే మధ్యంతర ఉపశమనం, అంటే విచారణ ముగిసేలోపు రక్షణ, కోరుతూ వేరే కాగితం ఇవ్వాలి. అడగకపోతే ఇవ్వరు. 12వ సెక్షన్ కింద అమ్మాయిని గానీ అతన్ని గానీ వేరే టీమ్‌కు మార్చమని, ఆమెకు మామూలు సెలవులు కాక మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆమె పనితీరు మీద అతను నివేదిక రాయకుండా ఆపి, ఆ బాధ్యత వేరొకరికి అప్పగించమని కూడా కోరవచ్చు. నేను మొదట చెప్పిన దారి ఇదే. వాళ్ల నాన్నగారు తీసుకొచ్చేయాలంటే ఈ సెలవు మీద తీసుకురావచ్చు, ఉద్యోగం రికార్డులో అలాగే ఉంటుంది. ఆ కాగితంలోనే క్యాబ్ విషయం కూడా రాయించండి: హాస్టల్ గేటు వరకు డ్రాప్, చివరి డ్రాప్ ఆమెదే అయితే ఎస్కార్ట్, కటాఫ్ తరువాత షిఫ్టు మార్చకూడదు.

విచారణ 90 రోజుల్లో ముగియాలి. మధ్యలో 'మాట్లాడుకుని సర్దుకోండి' అనే ప్రతిపాదన వస్తే, రాజీ అనేది అమ్మాయి కోరితేనే మొదలవ్వాలని గుర్తుంచుకోండి. డబ్బు ఇచ్చి రాజీ చేయడానికి వీల్లేదు. 'రుజువు కాకపోతే నీ మీదే చర్య' అని బెదిరిస్తే భయపడనక్కర్లేదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. టీమ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క మాట పెట్టవద్దు, ఫిర్యాదు వివరాలు గోప్యంగా ఉండాలన్నది కూడా ఈ చట్టంలోని నియమమే. ఆఫీసులో కమిటీయే లేదని తేలితే పది మంది, అంతకు మించి పనిచేసే కంపెనీకి 50,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కేంద్రం నడిపే షీ-బాక్స్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అతను వెంటపడినా, చెయ్యి వేసినా కమిటీ కోసం ఆగకుండా పోలీసుల దగ్గరికి, షీ టీమ్స్ దగ్గరికి వెళ్లాలి.

ఈ కాగితాలు కదిలేలోపు కూడా రాత్రులు ఉంటాయి. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్ సెంటర్ ఉద్యోగినిని, ఆ రాత్రి పికప్ తనదేనని నమ్మించిన డ్రైవర్ ఎక్కించుకుని వెళ్లి, అత్యాచారం చేసి చంపాడు. అందుకే యాప్‌లో చూపిన బండి నంబరు, వచ్చిన బండి నంబరు ఒకటి కాకపోతే ఎక్కవద్దు. డ్రైవర్ తన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడించినా సరే, తనే ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కు ఫోన్ చేసి అడగాలి. బండి లేదంటే గేటు దాటకుండా లోపలే కూర్చుని, 'నాకు డ్రాప్ కేటాయించలేదు' అని డెస్క్‌కు మెయిల్ పెట్టాలి. ఆ మెయిల్ రేపటి ఆధారం కూడా అవుతుంది. ఎక్కాక నంబరు మీకు పంపాలి.

ఇంత చేశాక కూడా ఆమెకు అక్కడ ఉండాలని లేకపోతే ఉండనక్కర్లేదు. నోటీసు పీరియడ్ పూర్తి చేసి, లేదా దాన్ని రాతపూర్వకంగా మాఫీ చేయించుకుని, రిలీవింగ్ లెటర్‌తో బయటకు రావచ్చు. రాజీనామా చేసినంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పది నెలల అమెరికా వాయిస్ ప్రాసెస్ అనుభవంతో, సాధారణంగా మధ్యాహ్నం మొదలై రాత్రి పదిన్నర లోపు ముగిసే బ్రిటన్ ప్రాసెస్‌కు, పగటి పూట ఉండే బ్యాంకు, బీమా కస్టమర్ సర్వీస్‌కు ప్రయత్నించవచ్చు. బీకాం ఉంది కనుక బిల్లింగ్, అకౌంట్స్ బ్యాక్ ఆఫీసు కూడా చూడాలి. ఎందుకు మానేశావని అడిగితే 'పగటి షిఫ్టు కోసం' అంటే సరిపోతుంది, అది నిజమే కదా. ఇంటర్వ్యూ చివర్లో ఆమె కూడా అడగాలి: డ్రాప్ ఇంటి దాకానా, అందరినీ ఒకే చోట దింపే నోడల్ పాయింట్ దాకానా, క్యాబ్ కటాఫ్ ఎన్ని గంటలకు, ఆ తరువాత షిఫ్టు మార్చే అధికారం ఎవరికి ఉంది? జవాబును ఆఫర్ లెటర్‌తో పాటు మెయిల్‌లో పంపమని కోరాలి.