ఫ్రీలాన్సింగ్‌కి వెళ్లే ముందు రోజువారీ రేటు లెక్క చూసుకోండి

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో మూడేళ్లుగా డిజైనర్ ఉద్యోగం. మానేసి ఫ్రీలాన్సింగ్ చేస్తానంటోంది. ఒక నెల లక్ష వస్తే ఇంకో నెల పదివేలేనట. ఆస్తమా కూడా ఉంది. పీఎఫ్ డబ్బు తీసి పెళ్లికి బంగారం కొందామనుకుంటున్నాం. ఉద్యోగమే మేలంటారా? – ఓ తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ బంగారం ఆలోచన మానుకోండి. అది మీ అమ్మాయి ముసలితనానికి దాచుకున్న డబ్బు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. ఉద్యోగం మానేసినా ఖాతా అలాగే ఉంచవచ్చు, వడ్డీ వస్తుంది. సంబంధాలు చూసేవాళ్లు ఏమనుకుంటారోనన్న మీ టెన్షన్‌కి ఆ డబ్బు బలి కాకూడదు.

ఆస్తమా విషయంలో ఆలస్యం చేయకండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఇస్తాయి. సొంతంగా కొత్త పాలసీ తీసుకుంటే వాటికి 36 నెలల దాకా క్లెయిమ్ ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టవచ్చు. అందుకే రాజీనామాకు ముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో హెచ్‌ఆర్‌ని అడగమనండి. అలా మారితే గ్రూప్‌లో గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో కలుపుతారు. ఆస్తమాను దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ దగ్గరే దొరికిపోతారు. ప్రీమియం సాధారణంగా ఏడాదికోసారి కట్టేది కాబట్టి మంచి నెలలోనే పక్కన పెట్టాలి. గడువు దాటి పాలసీ పోతే వెయిటింగ్ మళ్లీ మొదలవుతుంది.

ఫ్రీలాన్సింగ్ మీద నాకున్న అనుమానం వేరు. ‘మనకి మనమే బాస్’ అని వీడియోలు చేసేవాళ్లు రేటు ఎలా కట్టాలో చెప్పరు. మీ అమ్మాయికి నెలకు 35,000 ఖర్చు అనుకుందాం. దాన్ని 22 పనిరోజులతో భాగించి రోజుకి 1,600 అడిగితే నష్టపోయినట్టే. ఏడాది ఖర్చు 4,20,000. హెల్త్ ప్రీమియం 15,000, రిటైర్మెంట్‌కి 85,000 కలిపితే 5,20,000. ఇక సెలవులు, జ్వరాలు, క్లయింట్ల వెతుకులాట పోగా డబ్బు వచ్చే రోజులు ఏడాదికి 150 ఉంటే మంచిదే. అప్పుడు రోజుకి సుమారు 3,500 రావాలి. పన్ను, ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ దీనికి అదనం. ఆ రేటు ఇచ్చే క్లయింట్లు ఇద్దరైనా దొరికారా అన్నదే అసలు ప్రశ్న. దొరకకపోతే ఇంకో ఆరు నెలలు ఉద్యోగంలోనే ఉండనివ్వండి.

వచ్చే సొమ్మంతా ఒక ఖాతాలో వేసి, ప్రతి ఒకటో తారీఖున 35,000 మాత్రమే జీతంలా తీసుకోవాలి. వచ్చిన ప్రతి బిల్లులో ఆరో వంతు పీపీఎఫ్‌లోనో ఎన్‌పీఎస్‌లోనో వేయాలి. పీపీఎఫ్‌కి ఏడాదికి 500, ఎన్‌పీఎస్‌కి 1,000 చాలు, కాబట్టి ఖాళీ నెల వచ్చినా భయం లేదు. సెలవుల డబ్బు కూడా ఆ రేటులోనే ఉంది. మే నెలలో వారం సెలవు కావాలంటే మార్చిలోనే క్లయింట్లకు తేదీలు రాసి పంపాలి. చెప్పకుండా మాయమైతేనే పని పోతుంది, ముందే చెబితే ఎవరూ తప్పు పట్టరు.

మీ అమ్మాయి లెక్క తెలిసిన పిల్లయితే నిశ్చింతగా ఉండండి. రాజీనామా తేదీ మాత్రం బీమా కాగితం చేతికొచ్చాకే పెట్టుకోమనండి.