టైంటేబుల్ పాఠం చెప్పబోయే బిడ్డకు

బిడ్డా,

వచ్చే వారం రాత్రి బడిలో రైలు టైంటేబుల్ పాఠం పెట్టుకున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. నీ దగ్గరికి వచ్చేది జమ్మికుంట చుట్టుపక్కల బీడీలు చేసే ఆడవాళ్లు. గడియారం చూడడం వాళ్లకు కొత్త కాదు. ఎనిమిదింటి బండికి ఏడింటికే ఇంట్లోంచి బయలుదేరాలన్న లెక్క వాళ్లకు ముందునుంచీ ఉంది. వాళ్లను ఇబ్బంది పెట్టేది కాగితం మీద రాసిన టైంలోంచి టైంను తీసేయడం. కాబట్టి పాఠంలో సగానికి పైగా దానికే పెట్టు.

ముందు టైంటేబుల్ సంగతి. అచ్చు పుస్తకం తీసుకెళ్లకు. ఆ సన్న అక్షరాలు చూసి కళ్లద్దాలు లేనివాళ్లు వెనక్కి జరిగి కూర్చుంటారు. చార్టు మీద స్కెచ్ పెన్‌తో నువ్వే నాలుగు వరుసలు రాయి. నేనైతే ఇలా రాస్తాను:

జమ్మికుంట: బయలుదేరేది 07:48
కాజీపేట: చేరేది 08:35 (ఇక్కడ బండి మారాలి)
కాజీపేట: రెండో బండి చేరేది 09:08, బయలుదేరేది 09:10
సికింద్రాబాద్: చేరేది 11:25

ఇవి నేను క్లాసు కోసం కల్పించిన టైంలు. చార్టు పైన 'అభ్యాసం కోసం' అని పెద్దగా రాయడం మర్చిపోకు. లేకుంటే ఎవరో ఒకరు ఇంటికెళ్లి చెప్తారు, తెల్లారి ఆ బండి కోసం స్టేషన్‌కు పోతారు.

అసలు టైంటేబుల్లో చేరే టైం ఒక గడిలో, బయలుదేరే టైం ఇంకో గడిలో ఉంటాయి. మొదటి స్టేషన్‌కు చేరే గడి ఖాళీ, చివరి స్టేషన్‌కు బయలుదేరే గడి ఖాళీ. ఆ ఖాళీని చూసి 'ఇక్కడ బండి ఆగదా?' అని అడుగుతారు, ముందే చెప్పేయి. ఒక వరుస చదివేటప్పుడు కన్ను పక్క వరుసలోకి జారకుండా కింద స్కేలు పెట్టించు. ఈ భాగానికి పది నిమిషాలు చాలు.

ఇక అసలు లెక్క. జమ్మికుంట నుంచి సికింద్రాబాద్‌కు ఎంతసేపు అని అడుగు. వెంటనే కలం పట్టనివ్వకు, ముందు నోటి అంచనా చెప్పించు. 'పావు తక్కువ ఎనిమిదికి ఎక్కి, పదకొండున్నర లోపు దిగుతాం, అంటే మూడున్నర పైన' అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట చార్టు మూలన రాసిపెట్టు, తర్వాత పనికొస్తుంది.

అప్పుడు కాగితం మీద చేయమను. బడికి కొంత పోయినవాళ్లు 11.25 లోంచి 7.48 తీసేస్తారు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉన్నవాళ్లు కూడా అదే నొక్కుతారు. 3.77 వస్తుంది. 'మూడు గంటల డెబ్బై ఏడు నిమిషాలు' అని చదివేసరికి క్లాసులో నవ్వులు మొదలవుతాయి. తప్పు తనంతట తానే బయటపడింది. అప్పు తెచ్చుకున్నప్పుడు గంటకు 60 నిమిషాలు రావాల్సింది పోయి 100 వచ్చాయి, అందుకే 40 ఎక్కువ. 77 లోంచి 40 తీస్తే 37. సరైన జవాబు 3 గంటల 37 నిమిషాలు.

అయితే బిడ్డా, అన్ని లెక్కల్లోనూ తప్పు ఇలా నవ్వించదు. 8:55 నుంచి 10:05 వరకు తీసుకో. క్యాలిక్యులేటర్ 1.50 అంటుంది. గంటా యాభై నిమిషాలు అని రాసేసి సంతోషంగా కూర్చుంటారు, ఎవరికీ అనుమానం రాదు. నిజానికి గంటా పది నిమిషాలే. మరోవైపు 11.25 లోంచి 9.10 తీస్తే 2.15 వస్తుంది, అది నిజంగానే రెండుంబావు గంటలు. చేరే నిమిషాలు ఎక్కువ, బయలుదేరే నిమిషాలు తక్కువ ఉంటే తప్పు పద్ధతి కూడా సరైన జవాబే ఇస్తుంది. అందుకే నువ్వు ఇచ్చే లెక్కల్లో బయలుదేరే నిమిషాలే పెద్దవిగా ఉండేట్టు చూసుకో. టీచర్లు తెలియకుండానే సులువైన జతలు ఇచ్చి, క్లాసంతా నేర్చుకుందని అనుకుంటారు. 8:55, 10:05 జతను మాత్రం తప్పక పెట్టు.

మరి తీసివేత వద్దంటే ఏం చెప్పాలి? కిరాణా కొట్టులో చిల్లర ఇచ్చినట్టు ముందుకు లెక్కపెట్టమను. అరవై ఎనిమిది రూపాయల సామానుకు వంద ఇస్తే కొట్టాయన తీసివేత చేయడు, 'అరవై ఎనిమిది, డెబ్బై, వంద' అంటూ రెండు, ముప్పై చేతిలో పెడతాడు. ఇదీ అంతే. నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, ఆ చివర 7:48, ఈ చివర 11:25 రాయి. 7:48 నుంచి 8:00 కు 12 నిమిషాలు. 8 నుంచి 11 కు 3 గంటలు. 11 నుంచి 11:25 కు 25 నిమిషాలు. గంటలు 3, నిమిషాలు 37. మూలన రాసిన అంచనాతో పోల్చమను. 8:55 లెక్క కూడా అదే గీత మీద చేయించు, 5 నిమిషాలు, గంట, ఇంకో 5. ఇందాక యాభై అన్నవాళ్లే దిద్దుకుంటారు.

తర్వాత అదే ప్రయాణాన్ని ముక్కలు చేయించు. మొదటి బండి 47 నిమిషాలు, కాజీపేటలో ఎదురుచూసేది 35, రెండో బండి 2 గంటల 15. మొత్తం కలిపితే మళ్లీ 3 గంటల 37 రావాలి. రాకపోతే ఏదో ముక్క తప్పింది. ఎక్కువగా తప్పేది ఎదురుచూపే, 09:10 బదులు 09:08 పట్టుకుని 33 అంటారు. బండి వచ్చేదాకా కాదు, కదిలేదాకా లెక్క అని చెప్పు.

తిరుగు ప్రయాణానికి 24 గంటల టైం వస్తుంది. 20:40 చూసి 'పదింటి నలభై' అనేవాళ్లు తప్పకుండా ఉంటారు, 20 లోంచి పది తీసేస్తారు. తీసేయాల్సింది 12, అంటే రాత్రి ఎనిమిదింటి నలభై. గుండ్రంగా గడియారం గీసి లోపలి వరుసలో 13 నుంచి 24 దాకా వాళ్లతోనే రాయించు. ఒక్కసారి చేత్తో రాస్తే ఆ తప్పు చాలావరకు పోతుంది.

అర్ధరాత్రి దాటే బండి ఒక్కటే ఇవ్వు, చాలు. సికింద్రాబాద్‌లో 23:35 కు కదిలి, కాజీపేటలో 01:50 కు దిగితే? 24:00 దాకా 25 నిమిషాలు, అక్కడినుంచి గంటా 50. మళ్లీ రెండుంబావు గంటలే. ఇక్కడే తేదీ సంగతి కూడా చెప్పు. 15వ తేదీ 00:20 బండికి టికెట్ ఉంటే, 14వ తేదీ రాత్రి అన్నం తిని స్టేషన్‌కు పోవాలి. 15 రాత్రి పోతే బండి వెళ్లిపోయి దాదాపు రోజు గడిచిపోయి ఉంటుంది. తేదీ, టైం కలిపి పలక మీద రాయించు. ఈ ఒక్క సంగతికి టైం చాలకపోతే ముక్కలు చేసే లెక్క తగ్గించినా పర్వాలేదు.

చివరి పది నిమిషాలకు కొత్త లెక్కలు వద్దు, పాత చార్టునే అడుగు: జమ్మికుంట బండి అరగంట లేటైతే సికింద్రాబాద్ బండి దొరుకుతుందా? 08:35 కు అరగంట కలిపితే 09:05, ఐదు నిమిషాలు మిగిలింది కదా అని కొందరు అంటారు. మూటతో మెట్లెక్కి ఇంకో ప్లాట్‌ఫారం మీదికి దిగాలి కదా అని మరికొందరు అంటారు. వాళ్లలో వాళ్లనే వాదించుకోనివ్వు, నువ్వు జవాబు చెప్పకు. బండి 40 నిమిషాలు లేటైతే మాత్రం వాదన లేదు, 09:15 అవుతుంది.

క్లాసయ్యాక వాళ్లు రాసిన కాగితాలు పారేయకుండా దాచు. ఆదివారం హన్మకొండ వస్తే పట్టుకురా, ఎవరు ఎక్కడ తప్పారో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ సార్