రెండో పాలసీకి సంతకం పెట్టే ముందు

చిన్నా,

రొయ్యల గుంటల మీద ఈ పంటకు మిగిలిన డబ్బుతో ఏడాదికి రెండున్నర లక్షలు కట్టే పాలసీ ఇంకోటి తీసుకుంటానన్నావు, మెచ్యూరిటీకి ట్యాక్స్ ఉండదని ఏజెంటు చెప్పాడన్నావు. నీ విషయంలో అది సగమే నిజం. కావలి పోయి సంతకం పెట్టే ముందు ఇది చదువు.

2024లో తీసుకున్న పాలసీకి నువ్వు ఇప్పటికే ఏడాదికి 3 లక్షలు కడుతున్నావు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చిన పాలసీలన్నిటికీ కలిపి ఏ ఒక్క సంవత్సరంలోనైనా ప్రీమియం 5 లక్షలు దాటితే మినహాయింపు అన్నిటికీ రాదు (యులిప్‌లకైతే హద్దు రెండున్నర లక్షలే, అది 2021 ఫిబ్రవరి నుంచి ఉంది). నీది ఐదున్నర అవుతుంది. అలాగని రెండూ పోవు, 5 లక్షల లోపు ఉండేట్టు ఏ పాలసీకి మినహాయింపు కావాలో నువ్వే ఎంచుకోవచ్చు, మిగిలినదానికి మాత్రం పన్ను కట్టాలి.

మినహాయింపు పాతదానికే ఎంచుకున్నావనుకుందాం. కొత్తదానికి పదేళ్లలో 25 లక్షలు కట్టావు, చేతికి 38 లక్షలు వచ్చాయి. మిగిలిన 13 లక్షలు ఆ ఏడాది నీ ఆదాయంలో కలిసి నీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. మధ్యలో సరెండర్ చేసినా లెక్క ఇదే.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నువ్వు పాత విధానంలో రిటర్ను వేస్తావు కదా, ఈ కొత్త ప్రీమియాన్నే 80సీలో ఏటా లక్షన్నర చూపించావంటే, అలా చూపించిన 15 లక్షలు చివర్లో తీసెయ్యనివ్వరు. అప్పుడు పన్ను పడేది 13 లక్షల మీద కాదు, 28 లక్షల మీద! కాబట్టి 80సీకి ఎప్పుడూ మినహాయింపు ఉన్న పాలసీ రసీదే వాడు.

నా సంగతి చెప్తాను. 2016లో ఒకేసారి 5 లక్షలు కట్టి తీసుకున్నాను, బాండులో సమ్ అష్యూర్డ్ ఆరుంపావు లక్షలే. 2012 ఏప్రిల్ తర్వాతి పాలసీలకు మినహాయింపు రావాలంటే ప్రీమియం సమ్ అష్యూర్డ్‌లో 10 శాతం దాటకూడదు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. 2022లో సరెండర్ చేస్తే 6 లక్షల 90 వేలు వచ్చింది, లాభం మీద 5 శాతం, అంటే 9,500 టీడీఎస్ కోసుకున్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాను, కానీ ఆ లక్షా 90 వేలు రిటర్నులో చూపించి మిగతా పన్ను కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు టీడీఎస్ 2 శాతమే కాబట్టి చివర్లో కట్టాల్సింది ఇంకా ఎక్కువగా మిగులుతుంది.

మనిషి పోతే నామినీకి వచ్చే డబ్బుకు ఈ హద్దులేవీ లేవు, ఆ టెన్షన్ పెట్టుకోకు.

కొత్త పాలసీ 2 లక్షల ప్రీమియానికి తగ్గించమని అడుగు, సమ్ అష్యూర్డ్ 20 లక్షలకు తగ్గకూడదు. అప్పుడు రెండూ కలిపి సరిగ్గా 5 లక్షలు, దాటనట్టే. ఆదివారం నెల్లూరు వచ్చేటప్పుడు పాత బాండు తీసుకురా, మొదటి పేజీలో ఇచ్చిన తేదీ, సమ్ అష్యూర్డ్ చూద్దాం.

మామ