1-20 అంటే ఎకరం ఇరవై సెంట్లా, ఎకరంన్నరా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. రిటైర్మెంట్ డబ్బుతో కొంచెం పొలం కొందామని చూస్తున్నాం. నందిగామ దగ్గర ఒకటి "1.20, ధర 42 లక్షలు" అన్నారు. కోదాడ దగ్గర ఇంకొకటి "1-20, ధర 45 లక్షలు" అన్నారు. విస్తీర్ణం ఒకటే కాబట్టి నందిగామదే చవక అనుకుంటున్నాం. ఇది కాక మా బావమరిది గుంటూరు దగ్గర ఐదు సెంట్ల ఇంటి స్థలం చూపిస్తున్నాడు. అది 250 గజాలని, గజం 20 వేలని చెబుతున్నారు. వీటిని ఎలా పోల్చుకోవాలి? అగ్రిమెంటులో ఏం రాయించుకోవాలి?

జవాబు: పొలాలు రెండూ ఒకే విస్తీర్ణం కాదండీ. నందిగామ మన ఎన్టీఆర్ జిల్లాలోది, అక్కడ ఎకరానికి 100 సెంట్లు. హైదరాబాద్ రోడ్డు మీద జగ్గయ్యపేట దాటి కోదాడ చేరారంటే తెలంగాణలో ఉన్నట్టే, అక్కడ ఎకరానికి 40 గుంటలు. పూర్వం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతాలకు సెంట్లు, నిజాం ఏలుబడిలో ఉన్నవాటికి గుంటలు అలవాటయ్యాయి. ఆ అలవాటే నేటికీ నడుస్తోంది. ఎకరం మాత్రం రెండు చోట్లా ఒకటే, 4840 చదరపు గజాలు. కాబట్టి సెంటు అంటే 48.4 గజాలు, గుంట అంటే 121 గజాలు. ఒక గుంటలో రెండున్నర సెంట్లు ఉంటాయి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. నందిగామ పొలం ఎకరం 20 సెంట్లు, అంటే 5808 గజాలు. కోదాడ పొలం ఎకరం 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 20 గుంటలంటే సగం, మొత్తం ఎకరంన్నర, 7260 గజాలు. ధరను ఎకరాలతో భాగిస్తే నందిగామలో ఎకరం 35 లక్షలు పడుతోంది, కోదాడలో 30 లక్షలు. మీరు కోదాడదాన్ని కూడా 1.20 ఎకరాలుగా లెక్కేసుకున్నారు కాబట్టి ఎకరం 37.5 లక్షలన్నట్టు కనబడి, అది ఖరీదనిపించింది. ఏది చవక అన్న సమాధానమే తిరగబడింది. నీటి వసతి, దారి, నేల రకం వేరే సంగతి, అవి మీరే వెళ్లి చూసుకోవాలి.

మధ్యలో చుక్క ఉందా, గీత ఉందా అన్నదాన్ని బట్టి ఏదీ తేల్చకండి. రెండు రాష్ట్రాల్లోనూ రెండు రకాలుగానూ రాసేవాళ్లున్నారు. ఒక్క గుర్తు మాత్రం పనికొస్తుంది. ఎకరాల తర్వాత వచ్చే అంకె 40 గానీ అంతకు మించి గానీ ఉంటే అది గుంటలు కానే కాదు, ఎందుకంటే 40 గుంటలు నిండగానే ఇంకో ఎకరం అవుతుంది. 1-65 అని కనబడితే నిస్సందేహంగా సెంట్లే. 40 లోపు అయితే భూమి ఏ రాష్ట్రంలో ఉందో చూసి, పాస్‌బుక్కులో ఉన్నదాన్ని అమ్మేవాళ్ల చేత నోటితో పూర్తిగా చెప్పించుకోండి. ఆంధ్రలో ఇంకో తిరకాసు ఉంది. కొందరు ఎకరం ఐదు సెంట్లను 1-05 అని రాయకుండా 1.5 అని రాసేస్తారు. చదివేవాళ్లకు అది ఎకరంన్నరలా కనబడుతుంది. తేడా 45 సెంట్లు!

కూడికల్లో కూడా జాగ్రత్త. కోదాడ పొలం రెండు సర్వే నంబర్లలో ఉందనుకోండి, ఒకదాంట్లో 0-25, ఇంకోదాంట్లో 0-35. ఫోన్‌లోని కాలిక్యులేటర్ మీద 0.25, 0.35 కొడితే 0.60 వస్తుంది. అసలు మొత్తం 60 గుంటలు, అంటే 1-20. గుంటలను విడిగా కూడి, 40 నిండినప్పుడల్లా ఒక ఎకరంగా మార్చుకోవాలి. ఎక్కడైనా మొత్తం కింద 0-60 గుంటలు అని రాసి ఉంటే ఆ లెక్క వేసినవాళ్లకు గుంటల పద్ధతి తెలియదన్నమాట. మిగతా కాగితాలు ఇంకొంచెం గట్టిగా చూడండి.

ఇక గుంటూరు స్థలం. ఐదు సెంట్లంటే 242 గజాలు, 250 కాదు. నోటి లెక్క తేలికని సెంటుకు 50 గజాలు అనేయడం మధ్యవర్తులకు అలవాటు. పొలం బేరంలో అది పెద్దగా కనబడదు గానీ గజం 20 వేలంటే ఎనిమిది గజాలకు లక్షా అరవై వేలు. మీరు 50 లక్షలు ఇవ్వబోతున్న స్థలం లెక్క ప్రకారం 48 లక్షల 40 వేలది. టేపు పట్టుకుని నాలుగు పక్కలా కొలిపించండి. స్థలం సరైన చతురస్రమో దీర్ఘచతురస్రమో అయితే పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి 9తో భాగిస్తే గజాలు వస్తాయి. వంకరగా ఉన్న స్థలమైతే సర్వేయరు కొలవాల్సిందే. ఇంకో మాట: సెంట్లలో చెప్పే స్థలంలో రోడ్డుకు వదలాల్సిన భాగం కూడా కలిసి ఉండొచ్చు. లేఅవుట్‌లో గజాల్లో చెప్పేది మామూలుగా రోడ్లు తీసేశాక మిగిలే ప్లాటు. రోడ్డుకు వదిలేది దీంట్లోంచే పోవాలా అని ముందే అడగండి.

అగ్రిమెంటుకు వద్దాం. "1-20" అని అంకెలతో సరిపెట్టుకోవద్దు. కోదాడ పొలమైతే "ఎకరం ఇరవై గుంటలు, అనగా 7260 చదరపు గజాలు, సుమారు 6070 చదరపు మీటర్లు" అని అక్షరాల్లోనూ అంకెల్లోనూ రాయించండి. సర్వే నంబరు వారీగా విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉండాలి. ధర మొత్తం పొలానికా, ఎకరానికా అన్నది స్పష్టంగా ఉండాలి. ఎకరానికి అయితే, సర్వేలో తక్కువ తేలినప్పుడు ఆ మేరకు ధర తగ్గుతుందని ఒక వాక్యం చేర్చండి. ఇది లేకపోతే అమ్మేవాళ్లు "ఏకమొత్తం బేరం చేశాం" అంటారు.

ఈ పట్టుదల ఎందుకంటే, కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఒక పక్షం మాత్రమే పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు రాదు. సెంట్లనుకుని గుంటలకు, గుంటలనుకుని సెంట్లకు సంతకం పెట్టి తర్వాత "నాకు తెలియదు" అంటే చెల్లదు. అవతలివాళ్లు తప్పు చెప్పి మోసగించారని రుజువు చేయగలిగితే వేరు. అలాగే హద్దులు స్పష్టంగా ఉండి, రాసిన విస్తీర్ణం వాటితో పొసగకపోతే కోర్టులు మామూలుగా హద్దులకే విలువ ఇస్తాయి. కాగితంలో ఎక్కువ అంకె ఉందని పక్కవాడి గట్టు దాటి భూమి రాదు. ఇద్దరూ ఒకటే అనుకుని రాతలో మాత్రం తప్పు దొర్లితే, అమ్మినవాళ్లు ఒప్పుకుంటే సవరణ దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఒప్పుకోకపోతే నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని 26వ సెక్షన్ కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి. అప్పుడు మీకు సాక్ష్యంగా ఉపయోగపడేవి మీ బేరం మాటలు, మెసేజీలు, అడ్వాన్స్ రసీదు. కాబట్టి ఆ రసీదు మీద కూడా "ఎకరం ఇరవై గుంటలు" అని అక్షరాల్లో రాయించి, అమ్మేవాళ్ల సంతకం తీసుకున్నాకే డబ్బివ్వండి.