ఫ్యాన్ పోయింది, మరక మిగిలింది: స్టూడియోకి ఫిర్యాదు ఎలా రాయాలి?

ప్రశ్న: మా గ్రూప్ ఫొటోలో అమ్మ భుజం వెనక స్టాండు ఫ్యాన్ పడింది. దాన్ని తీసేస్తామని స్టూడియో వాళ్లు విడిగా డబ్బు తీసుకున్నారు. ఫ్యాన్ పోయింది కానీ, అక్కడ తడి వేలితో రుద్దినట్టు మరక ఉంది. అడిగితే "ఇంతకన్నా కుదరదు" అంటున్నారు. ఫిర్యాదు లెటర్ రాస్తే నిలబడుతుందా?

జవాబు: నిలబడే అవకాశం బాగానే ఉంది. అయితే "ఫొటో పాడు చేశారు" అని మాత్రమే రాస్తే అది మీ అభిప్రాయం అవుతుంది. సేవాలోపం అని చూపాలంటే, వాళ్లు ఒప్పుకున్న పని ఏమిటి, చేతికి వచ్చింది ఏమిటి అన్నది పక్కపక్కన కనబడాలి.

"కుదరదు" అన్న మాటలో కొంత నిజం ఉంది. ఫ్యాన్ వెనక ఉన్న కర్టెన్‌ని కెమెరా చూడనేలేదు. కాబట్టి ఆ భాగాన్ని చుట్టుపక్కల నుంచి తెచ్చి నింపాల్సిందే. అచ్చం అసలు కర్టెన్‌లాగే రావాలని పట్టుబడితే మీ వాదన బలహీనపడుతుంది. కానీ కర్టెన్ మడతలు మధ్యలో తెగిపోవడం, చుట్టూ ఉన్న సన్నని గరుకు ఆ ఒక్క చోట లేకుండా నున్నగా అలుక్కుపోవడం, భుజం అంచు కరిగినట్టు ఉండటం వేరే సంగతి. ఇవి అజాగ్రత్తకు గుర్తులు. లెటర్లో వీటినే రాయండి:

"అమ్మ కుడి భుజం పైన, ఫ్యాన్ తీసిన చోట కర్టెన్ మడతలు తెగిపోయి, భుజం అంచు చెదిరి ఉంది. ప్రింటును చేతిలో పట్టుకుని చూసినా కనబడుతోంది. ఈ పనికి విడిగా డబ్బు తీసుకున్నప్పుడు ఇలా మరక మిగలొచ్చని మీరు చెప్పలేదు."

ఆఖరి వాక్యం చాలా ముఖ్యం. ముందే చెప్పి, మీరు సరే అని ఉంటే కేసు పలచబడుతుంది. అలా చెప్పి ఉంటే ఈ వాక్యం రాయకండి. ఒక్క అబద్ధం మిగతా లెటర్‌నంతా అనుమానంలో పడేస్తుంది.

అదే వరసలో తీసిన ఇంకో ఫొటోలో ఆ కర్టెన్ భాగం ఖాళీగా కనబడుతోందేమో చూడండి. ఉంటే మీ అదృష్టం. అక్కడి నుంచి తెచ్చి అతికించే వీలున్నా వాళ్లు ప్రయత్నించలేదని చెప్పొచ్చు.

కోరేది కూడా స్పష్టంగా రాయండి: మార్పులు చేయని అసలు ఫైలు నుంచి మళ్లీ పని చేసి, కొత్త ప్రింటు 15 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే ఫ్యాన్ తీయడానికి, ప్రింటుకి తీసుకున్న డబ్బు వాపసు ఇవ్వాలి. మరక ఉన్న ఫైలు మీదే మళ్లీ రుద్దితే అది ఇంకా పెద్దదవుతుంది, అందుకే "అసలు ఫైలు" అనే మాట వదలొద్దు. ఫొటో షూట్ మొత్తం ఖర్చు అడగడం నాకు సబబుగా అనిపించదు, మిగతా ఫొటోలు బాగానే ఉంటే.

రసీదు, ఫ్యాన్ గురించి నడిచిన మెసేజ్‌లు, అసలు ఫైలు, ఫ్యాన్ తీసిన ఫైలు దాచుకోండి. ఫైళ్లను వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే సైజు తగ్గి, మరక అందువల్లే వచ్చిందని వాళ్లు అనొచ్చు. ప్రింటు చూపించండి, కానీ అక్కడ వదిలి రాకండి. లెటర్ అందినట్టు సంతకమో, ఈమెయిల్ జవాబో తీసుకోండి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సి వస్తే అది బాగా పనికొస్తుంది.