ఆఫర్ మెయిల్‌కి ‘ఓకే’ అని జవాబొస్తే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో పాతికమంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. హెచ్ఆర్ అంటూ ఎవరూ లేరు, అకౌంట్స్ చూసే నేనే అన్నీ చూస్తాను. టెస్టర్ పోస్టుకి ఒకమ్మాయిని సెలెక్ట్ చేశాం, ఏడాదికి 6 లక్షలు అనుకున్నాం. జీతం, చేరే తేదీ, కండిషన్లు రాసి మెయిల్ పంపమన్నారు మా సార్. జవాబుకి ఎన్నాళ్లు గడువు ఇవ్వాలి? పోయినసారి ఒకతను ‘ఓకే సర్’ అని చేరనే లేదు.

జవాబు:

మీకు పోయినసారి జరిగింది నాకు 2019లో జరిగింది. అప్పుడు మాదాపూర్‌లో ఒక చిన్న ఐటీ కంపెనీకి హెచ్ఆర్ చూసేదాన్ని. ఒక డెవలపర్‌కి ఆఫర్ పంపుతూ చివర్లో “మీ నిర్ణయం వీలైనంత త్వరగా తెలియజేయగలరు” అని మర్యాదగా రాశాను. రెండోరోజే జవాబొచ్చింది: “థాంక్యూ మేడమ్, ఆఫర్ అందింది. నాకు నోటీసు 90 రోజులు, తగ్గించమని అడుగుతున్నాను. జీతం ఇంకొంచెం చూస్తే బాగుంటుంది. మీ దగ్గర చేరాలని చాలా ఆసక్తిగా ఉంది.”

అది చూసి ఎక్సెల్ షీటులో అతని పేరుకి ఆకుపచ్చ రంగు వేసేశాను. రెండో స్థానంలో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసి పోస్టు నిండిపోయిందని చెప్పేశాను. చేరాల్సిన సోమవారం లాప్‌టాప్, ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంటే పదకొండయినా మనిషి రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. మా ఆఫర్ చూపించి ఇంకోచోట ఎక్కువకి మాట్లాడుకున్నాడని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లు తిట్టుకున్నాను. తర్వాత ఆ మెయిల్ తీసి మళ్లీ చదివితే, పాపం అతను ఒప్పుకుంటున్నానని ఎక్కడా అనలేదు! ఆసక్తి ఉందన్నాడు, తేదీ మార్చమన్నాడు, జీతం పెంచమన్నాడు. మా కంపెనీ లాయరుగారికి చూపిస్తే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 7వ సెక్షన్ చదివి వినిపించారు. ఒప్పుకోవడమంటే ఏ షరతూ పెట్టకుండా, చెప్పినదాన్ని చెప్పినట్టు ఒప్పుకోవాలి. “సరే, కానీ” అన్నారంటే అది వాళ్లు మనకి పెట్టే కొత్త ప్రతిపాదన. 6వ సెక్షన్ ప్రకారం గడువు చెప్పి ఉంటే అది దాటగానే మన ఆఫర్ దానంతటదే పోతుంది. గడువు చెప్పకపోతే ‘సమంజసమైన కాలం’ దాకా బతికే ఉంటుంది, ఆ కాలమెంతో ఎవరూ ముందుగా చెప్పలేరు.

చేరలేదని ఎవర్నీ కోర్టుకి లాగం, అది వేరే సంగతి. గడువు వల్ల మనకి నిజంగా ఒరిగేదేమిటంటే, ఫలానా గంట దాటాక రెండో మనిషికి నిశ్చింతగా ఫోన్ చేయవచ్చు.

అందుకని గడువు రాసేటప్పుడు ‘మూడు పని దినాలు’ లాంటి మాటలు వద్దు. శనివారం లెక్కలోకి వస్తుందా, మెయిల్ అందిన రోజు వస్తుందా అని అక్కడే తికమక. వారం, తేదీ, గంట మూడూ రాయండి. నేను బుధవారం సాయంత్రం పంపి సోమవారం సాయంత్రం 5 దాకా ఇస్తాను. మధ్యలో ఒక శని, ఆదివారం ఉండాలి. మనవాళ్లు ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడకుండా ఉద్యోగం మారరు. ఆ మాట ఫోన్‌లో కాదు, చాలాసార్లు ఊరెళ్లి మాట్లాడాలి. ఒక్కరోజు గడువిస్తే ముందు ‘సరే’ అనేసి తర్వాత ఆలోచిస్తారు, మీకు కావలసింది అది కాదు కదా. మరీ పది రోజులిస్తే ఆ కాగితం పట్టుకుని ఇంకో రెండు ఇంటర్వ్యూలకి వెళ్తారు.

జవాబు ఎలా రావాలో కూడా మీరే రాసిచ్చేయండి. మావి ఇంగ్లీషులోనే వెళ్తాయి, అర్థం తెలుగులో చెప్తున్నాను:

“ఈ ఆఫర్ నవంబర్ 21, సోమవారం సాయంత్రం 5 గంటల వరకు అమల్లో ఉంటుంది. సమ్మతమైతే ఇదే మెయిల్‌కి ‘పైన రాసిన జీతం, చేరే తేదీ, షరతులతో ఈ ఆఫర్‌ని అంగీకరిస్తున్నాను’ అని ఆ గంటలోపు జవాబివ్వండి. ఏదైనా మార్పు కావాలంటే శుక్రవారంలోపు ఫోన్ చేయండి. మార్పుకి మేం ఒప్పుకుంటే కొత్త మెయిల్ పంపుతాం.”

చివరి వాక్యం ముఖ్యం. బేరం ఫోన్‌లో జరగనివ్వండి, మెయిల్‌లో మాత్రం ఎప్పుడూ ఒకే ఒక్క తాజా ఆఫర్ ఉండాలి.

ఇప్పుడు జీతం. ఒట్టి ‘ఏడాదికి 6 లక్షలు’ అని పంపకండి, చదివేవాళ్లు దాన్ని 12తో భాగించి నెలకి 50 వేలు అనుకుంటారు. నేను ఇంకో కంపెనీలో ఉండగా 2022 నవంబర్‌లో ఒక టెస్టర్‌కి సరిగ్గా ఇదే అంకె పంపాల్సి వచ్చింది. నెలకి 50,000లో బేసిక్ 25,000, ఇంటద్దె అలవెన్సు 10,000. కంపెనీ తరఫు పీఎఫ్ 1,800, ఎందుకంటే మేం 15,000 పరిమితి మీద 12 శాతమే కట్టేవాళ్లం. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే 1,203. మిగిలిన 11,997 స్పెషల్ అలవెన్సు. ఈ పీఎఫ్, గ్రాట్యుటీ రెండూ సీటీసీలోనే ఉంటాయి గానీ చేతికి రావు కాబట్టి గ్రాస్ 46,997కి దిగింది. అందులోంచి ఉద్యోగి తరఫు పీఎఫ్ మళ్లీ 1,800, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతే బ్యాంకులో పడేది 44,997. ఆ జీతానికి ఆదాయపు పన్ను పడలేదు.

అంటే అనుకున్నదానికీ వచ్చేదానికీ నెలకి ఐదు వేలు తేడా. మొదటి జీతం రోజున ఇది తెలిస్తే మోసపోయామనే అనుకుంటారు, మనం ఎంత నిజాయితీగా లెక్క వేసినా సరే. మీరు పీఎఫ్ మొత్తం బేసిక్ మీద కడుతుంటే రెండు వైపులా మూడేసి వేలు పోయి చేతికి 42,597 మాత్రమే వస్తుంది. అందుకే నేను సీటీసీ పక్కనే “ప్రతి నెలా చేతికి సుమారు 45,000” అని మెయిల్‌లోనే రాసి, లెక్కల టేబుల్ కింద పెడతాను. వేరియబుల్ పే ఉంటే దాన్ని నెల లెక్కలో కలపకుండా విడిగా, ఏడాదిలో ఎప్పుడిస్తారో, దేన్ని బట్టి ఇస్తారో చెప్పండి. ఒక్క జాగ్రత్త: 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ‘వేతనం’ అంటే ఏదన్న నిర్వచనం మారింది. కాబట్టి నా గ్రాట్యుటీ అంకెని కాపీ కొట్టకుండా మీ ఆడిటర్‌తో మీ లెక్క సరిచూసుకోండి.

చేరే తేదీ మీకెప్పుడు కావాలన్నదాన్ని బట్టి కాదు, ఆ అమ్మాయి ఎప్పుడు రాజీనామా ఇవ్వగలదన్నదాన్ని బట్టి లెక్క వేయండి. నేను చెప్పిన టెస్టర్‌కి నోటీసు 60 రోజులు. సోమవారం ఒప్పుకుని నవంబర్ 22, మంగళవారం రాజీనామా ఇస్తే 60 రోజులు జనవరి 21, శనివారానికి పూర్తవుతాయి. నేను జనవరి 23, సోమవారం పెట్టాను. మా మేనేజరు 9వ తేదీ కావాలని పట్టుబట్టారు. ముందే వదలాలంటే నోటీసు జీతం కట్టాలి, ఆ డబ్బు మనం ఇస్తామా అని అడిగితే ఊరుకున్నారు. పైగా అది సంక్రాంతి వారం ముందు, చేరీ చేరగానే ఊరికి సెలవు అడుగుతుంది!

కండిషన్లలో ఎక్కువమంది తప్పు చేసేది రిలీవింగ్ లెటర్ దగ్గర. ‘చేరే రోజు రిలీవింగ్ లెటర్ తేవాలి’ అని రాసేస్తారు. చాలా కంపెనీలు దాన్ని ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అయ్యాకే ఇస్తాయి, ఒక్కోసారి నెలన్నర పడుతుంది. శుక్రవారం మానేసి సోమవారం చేరే మనిషి ఎక్కణ్నుంచి తెస్తుంది? ఆ షరతు మొదటి రోజే మీరే సడలించాల్సి వస్తే మిగతావి కూడా ఉత్తుత్తివే అనుకుంటారు. నేనైతే చేరే రోజుకి రాజీనామా ఆమోదించిన మెయిల్ చాలంటాను, రిలీవింగ్ లెటర్‌కి 45 రోజులిస్తాను.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కూడా అంతే. ‘వెరిఫికేషన్‌కి లోబడి’ అని ఒక్క ముక్కతో వదలకండి. ఏం చూస్తారో చెప్పండి: డిగ్రీ సర్టిఫికెట్, పాత కంపెనీల్లో చేసిన కాలం, యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ. అబద్ధపు అనుభవం ఎక్కువగా పట్టుబడేది ఈ చివరిదాంట్లోనే. రెండేళ్లు చేశానన్న కంపెనీ నుంచి జీతంలో పీఎఫ్ కట్ అయిందంటారు, హిస్టరీలో ఆ కంపెనీయే ఉండదు. అయితే చిన్న కంపెనీల్లో అసలు పీఎఫ్ లేకపోవచ్చు, అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటులో జీతం పడిందేమో అడగండి. ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీకి మాత్రం రాజీనామా ఇచ్చేదాకా ఫోన్ చేయబోమని మెయిల్‌లోనే హామీ ఇవ్వండి. మిగతా వెరిఫికేషన్ వీలైతే ఆఫర్‌కి ముందే ముగించండి. ఉన్న ఉద్యోగం వదిలేశాక ఆఫర్ వెనక్కి తీసుకుంటే నష్టపోయేది ఆ పిల్లే.

మెయిల్ కంపెనీ డొమైన్ నుంచే పంపండి, జీమెయిల్ నుంచి వద్దు. డబ్బు కట్టించుకుని దొంగ ఆఫర్ లెటర్లిచ్చే కన్సల్టెన్సీల కథలు మన ఊళ్లో వినని అభ్యర్థి లేరు, అనుమానపడి జవాబే ఇవ్వకపోవచ్చు.

సోమవారం ఉదయం ఒకసారి ఫోన్ చేయండి, గుర్తుచేయడానికే, ఒత్తిడి పెట్టడానికి కాదు. 5 దాటినా జవాబు రాకపోతే, రెండో మనిషికి ఫోన్ చేసే ముందు మొదటి వ్యక్తికి రెండు వాక్యాలు పంపండి: గడువు ముగిసింది కాబట్టి ఆఫర్ ఇక అమల్లో లేదు, ఇంకా ఆసక్తి ఉంటే ఫోన్ చేయండి, పోస్టు ఖాళీగా ఉంటే చూస్తాం అని. నేనొకసారి ఇది పంపకుండా రెండో అతనికి ఆఫర్ ఇచ్చేశాను. రాత్రి ఎనిమిదింటికి మొదటి అమ్మాయి నుంచి మెయిల్: “అంగీకరిస్తున్నాను మేడమ్, రాజీనామా కూడా ఇచ్చేశాను.” ఆమెని ఇంకో ప్రాజెక్టులో సర్దడానికి మా డైరెక్టర్‌గారి దగ్గర వారం రోజులు తిరగాల్సి వచ్చింది.