డాక్టర్ డిక్టేట్ చేసిన లెటర్‌ను సంతకానికి ముందు సరిచేయడం ఎలా?

"కార్డియాలజీ క్లినిక్‌లో కొత్తగా చేరాను. డాక్టర్ గారు చెప్పింది సాఫ్ట్‌వేర్ టైప్ చేసి ఇస్తుంది. ఫుల్‌స్టాప్‌లు ఉండవు, మందుల పేర్లు తప్పులు. సంతకానికి పంపేలోపు నేను ఎంతవరకు మార్చొచ్చు?"

హైదరాబాద్‌లో ఉండి అమెరికా క్లినిక్‌ల లెటర్లు ఎడిట్ చేసే పని కొన్నేళ్లు చేశానండి. ఎక్కువగా గుండె జబ్బుల లెటర్లే.

ముందు ఆడియో పెట్టుకుని, డ్రాఫ్ట్ మీద కన్ను వేసి, మొదటి నుంచి చివరిదాకా వినండి. డ్రాఫ్ట్ ముందే చదివేస్తే తర్వాత ఆడియోలో కూడా చదివిందే వినిపిస్తుంది. గ్రామర్, స్పెల్లింగ్ ఆఖర్లో చూసుకోవచ్చు.

ఫుల్‌స్టాప్‌ని చిన్న విషయం అనుకోకండి. ఒక డ్రాఫ్ట్‌లో ఇలా వచ్చింది: "నో చెస్ట్ పెయిన్ షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్ ఆన్ క్లైంబింగ్ స్టెయిర్స్". 'పెయిన్' తర్వాత కామా పెడితే పేషెంట్‌కి రెండూ లేవని అర్థం. ఫుల్‌స్టాప్ పెడితే నొప్పి లేదు గానీ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని. డాక్టర్ ఎక్కడ ఆగారో, గొంతు ఎక్కడ దించారో విని తేల్చుకోవాలి. అదే లెటర్‌లో కింద గుండె పంపింగ్ 35 శాతమే అని ఉంది కాబట్టి ఆయాసం ఉండొచ్చు అనిపిస్తుంది. కానీ అది అనుమానం మాత్రమే, దాన్ని బట్టి ఫుల్‌స్టాప్ పెట్టేయకూడదు.

అందులోనే "హైడ్రాక్సిజీన్" అని పడింది. అది దురదకీ ఆందోళనకీ ఇచ్చే మందు, లెటర్‌లో ఆ రెండిటి ఊసే లేదు. మళ్లీ వింటే "హైడ్రలజీన్", బీపీకీ హార్ట్ ఫెయిల్యూర్‌కీ వాడేది. ప్రతి మందుకీ లెటర్‌లో ఒక జబ్బు కనిపించాలి. కనిపించలేదంటే అక్కడ ఆగండి. విన్నది, పాత చార్ట్‌లో ఉన్నది కలిస్తేనే మార్చండి.

ఇక "మెటోప్రొలాల్ 15 ఎంజీ". ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవికి దాదాపు ఒకటే. సాధారణంగా దొరికే బిళ్లల్లో 25, 50, 100 ఉంటాయి, 15 ఉండదు. అందుకని చటుక్కున 50 కొట్టేయాలనిపిస్తుంది. కానీ డాక్టర్ చెప్పింది 25 కూడా కావచ్చు, ఈ విజిట్‌లో డోసు మార్చి ఉండొచ్చు. ఆడియోలో తేలకపోతే ఖాళీ వదిలి, `[____ 02:14]` అని ఆ చోటు టైమ్ వేసి, డాక్టర్‌కి చిన్న నోట్ పెట్టండి. ఖాళీలు ఎక్కువైతే ఆయన విసుక్కోవచ్చు, విసుక్కోనివ్వండి.

"కుడి కాలు, కాదు కాదు, ఎడమ కాలు" అని డాక్టరే సర్దుకుంటే, సాఫ్ట్‌వేర్ రెండూ టైప్ చేస్తుంది. మొదటిది తీసేయడం మీ పనే. కానీ పైన కుడి అని, కింద ఎడమ అని సర్దుకోకుండా చెప్పారనుకోండి, ఏది నిజమో మీరు తేల్చకండి. చెప్పింది చెప్పినట్టే ఉంచి, రెండు చోట్లా గుర్తు పెట్టి పంపండి.